గేటు మీద నీటి బలం ఎంత, అది ఎక్కడ పనిచేస్తుంది? తుంగభద్ర స్టాప్‌లాగ్‌ల నుంచి చెరువు తూము దాకా

2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ 19వ గేటు చైన్ తెగి కొట్టుకుపోయింది. కర్నూలు, అనంతపురం రైతులకు ఆ వారమంతా టెన్షనే. నీరు పారుతుండగానే ఆ ఖాళీని మూయాల్సి వచ్చింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో చేసిన ఆ పనిలో కొత్త గేటు బిగించలేదు. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయే ఉక్కు దిమ్మల్లాంటి స్టాప్‌లాగ్‌లను క్రేన్లతో దించారు. గేటు 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. ఒక్కో స్టాప్‌లాగ్ 4 అడుగుల ఎత్తు. అంటే అయిదు పేరిస్తే గేటు ఎత్తు సరిపోతుంది.

ఆ వార్తలు చూస్తున్నప్పుడు నాకొక ప్రశ్న తట్టింది, తర్వాత క్లాసులో అదే అడిగాను. అయిదూ ఒకే కొలత కదా, మరి నీరు అయిదింటినీ ఒకే బలంతో నెడుతుందా? నెట్టదని అందరూ చెప్పారు. "అయితే అన్నిటికంటే కిందిది పైదానికంటే ఎన్ని రెట్లు మోస్తుంది?" అంటే మాత్రం సూత్రం కంఠతా వచ్చినవాళ్లు కూడా ఆగిపోయారు. ఈ ప్రశ్నకు జవాబు వెతికితే నీటి బలం, అది పనిచేసే చోటు రెండూ ఒకేసారి అర్థమవుతాయి. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

మొదటి అడుగు: పక్క నుంచి చూసిన బొమ్మ

కాలిక్యులేటర్ పక్కన పెట్టి ముందు బొమ్మ గీయండి. గేటును ఎదురుగా కాదు, పక్క నుంచి చూసినట్టు గీయాలి. అప్పుడు గేటు ఒక నిలువు గీతలా కనిపిస్తుంది. దాని ఎడమ పక్కన నీరు, పైన నీటి మట్టం గీత. లోతులన్నీ ఆ నీటి మట్టం నుంచి కిందికి కొలవాలి. గేటు పై అంచు నుంచి కాదు, నేల నుంచి పైకీ కాదు. పేపర్లు దిద్దేటప్పుడు నేను చూసే తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి. సూత్రం సరిగ్గానే రాస్తారు, కానీ h అనే అక్షరానికి వేరే కొలత వేస్తారు.

కదలని నీటిలో h లోతు దగ్గర పీడనం ఇది:

p = ρ g h

మంచినీటికి ρg విలువ 9.81 kN/m³. అంటే ఒక్కో మీటరు కిందికి దిగేకొద్దీ చదరపు మీటరుకు 9.81 కిలోన్యూటన్ల చొప్పున పీడనం పెరుగుతుంది. గాలి పీడనాన్ని ఇందులో కలపలేదు. అది నీటి మట్టం మీదా ఉంది, గేటు అవతలి పక్కనా ఉంది కాబట్టి రెండూ చెల్లిపోతాయి. మూత బిగించి లోపల గాలిని ఒత్తిడితో నింపిన ట్యాంకయితే లెక్క మారుతుంది. అక్కడ ఆ అదనపు పీడనాన్ని కూడా కలపాలి.

నీటి పీడనం ఎప్పుడూ గోడకు లంబంగానే నెడుతుంది. గోడ నిలువుగా ఉంటే బలం అడ్డంగా ఉంటుంది. బొమ్మలో ప్రతి లోతు దగ్గరా పీడనం ఎంతుంటే అంత పొడవు బాణం గీయండి. నీటి మట్టం దగ్గర సున్నా, కిందికి వచ్చేకొద్దీ పొడవు. బాణాల తోకలను కలిపితే త్రిభుజం వస్తుంది. మిగతా లెక్కంతా ఈ త్రిభుజంలోనే ఉంది.

రెండో అడుగు: మొత్తం బలం

తుంగభద్ర గేటునే తీసుకుని, నీరు సరిగ్గా పై అంచు దాకా నిలకడగా ఉందనుకుందాం. 60 అడుగులంటే 18.29 మీటర్లు, 20 అడుగులంటే 6.10 మీటర్లు. అడుగున పీడనం 9.81 × 6.10 = 59.8 kN/m². పైన సున్నా. పీడనం సమానంగా పెరుగుతోంది, గేటు వెడల్పు ఎక్కడా మారడం లేదు. కాబట్టి సగటు పీడనం సరిగ్గా సగం, 29.9 kN/m². గేటు వైశాల్యం 18.29 × 6.10 = 111.6 m².

F = 29.9 × 111.6 ≈ 3,340 kN

అంటే దాదాపు 340 టన్నుల బరువుకు సమానమైన బలం. దీన్నే పుస్తకాల్లో ఇలా రాస్తారు:

F = ρ g h̄ A

ఇక్కడ h̄ అంటే తడిసిన వైశాల్యపు కేంద్రం, మనం సెంట్రాయిడ్ అనేది, నీటి మట్టానికి ఎంత లోతులో ఉందో ఆ కొలత. మన గేటుకు అది 3.05 మీటర్లు. పైన సున్నా, కింద 59.8 కలిపి రెండుతో భాగించడం దీర్ఘచతురస్రం, వృత్తం లాగా మధ్యకు పైనా కిందా ఒకేలా ఉండే ఆకారాలకే పనికొస్తుంది. త్రిభుజాకారపు గేటుకు సెంట్రాయిడ్ లోతు వాడాల్సిందే. అందుకే ఆ రూపాన్నే అలవాటు చేసుకోవడం మేలు.

ఈ లెక్కలో జలాశయం పొడవు గానీ, అందులో ఎన్ని టీఎంసీలున్నాయన్నది గానీ ఎక్కడా రాలేదని గమనించారా? గేటు వెనక నీరు మైళ్ల కొద్దీ పరుచుకున్నా, గేటు పొడవునా మీటరు మందపు పొరగానే నిలిచినా, లోతు అదే అయితే గేటు మీద బలం అదే 3,340 kN. నమ్మబుద్ధి కాదు, నిజమే. కానీ గేటుకు తెలిసేది తన మీద ఆనుకున్న నీటి పీడనం ఒక్కటే, ఆ పీడనానికి తెలిసేది లోతు ఒక్కటే.

మూడో అడుగు: గేటును అయిదు ముక్కలు చేయడం

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. త్రిభుజాన్ని సమాన ఎత్తున్న అయిదు పట్టీలుగా కోయండి. పైనున్నది చిన్న త్రిభుజం. దాని వైశాల్యాన్ని 1 అనుకుందాం. రెండు పట్టీల లోతు దాకా ఉన్న త్రిభుజం ఎత్తూ రెట్టింపు, అడుగు భుజమూ రెట్టింపు. కాబట్టి వైశాల్యం 4. అందులో మొదటిది తీసేస్తే రెండో పట్టీకి మిగిలేది 3. మూడింటి దాకా 9, అందులో 4 తీసేస్తే 5. ఇలా 1, 3, 5, 7, 9 వస్తాయి. మొత్తం 25.

మొత్తం బలాన్ని 25 భాగాలు చేస్తే ఒక భాగం 133.6 kN. దాని ప్రకారం:

| స్టాప్‌లాగ్ | భాగం | బలం (kN) |
|---|---|---|
| అన్నిటికంటే పైది | 1 | 134 |
| రెండోది | 3 | 401 |
| మూడోది | 5 | 668 |
| నాలుగోది | 7 | 935 |
| అడుగుది | 9 | 1,202 |

అడుగుది పైదానికంటే తొమ్మిది రెట్లు మోస్తుంది. కింది రెండూ కలిస్తే మొత్తంలో 64 శాతం. ఒకే కొలతలో ఉన్న దిమ్మలను ఎక్కడైనా దించేలా వాడాలంటే, ప్రతిదాన్నీ అడుగుదాని బలానికి తట్టుకునేలా చేయాలి. లేదంటే వాటికి నంబర్లు వేసి, వరస తప్పకుండా దించాలి.

నాలుగో అడుగు: ఆ బలం ఎక్కడ పనిచేస్తుంది

నీరు గేటు నిండా నెడుతోంది. ఆ నెట్టుడంతా ఒకే బలంగా మార్చి ఒకే చోట పెట్టాలంటే ఎక్కడ పెట్టాలి? మొమెంట్ మారకుండా ఉండే చోట. దాన్నే పీడన కేంద్రం అంటారు.

అయిదు బలాలూ మన చేతిలో ఉన్నాయి. తొందరకు ప్రతి బలమూ తన స్టాప్‌లాగ్ మధ్యలో పనిచేస్తోందనుకుందాం. గేటు ఎత్తును H అంటే ఆ మధ్యలు నీటి మట్టం నుంచి 0.1H, 0.3H, 0.5H, 0.7H, 0.9H లోతుల్లో ఉంటాయి. ప్రతి భాగాన్నీ దాని లోతుతో గుణించి కూడితే:

1×0.1 + 3×0.3 + 5×0.5 + 7×0.7 + 9×0.9 = 16.5

దీన్ని 25తో భాగిస్తే 0.66. అంటే పీడన కేంద్రం 0.66H లోతులో ఉంది. అసలు జవాబు త్రిభుజపు సెంట్రాయిడ్, అంటే 2H/3, అనగా 0.667H. కొంచెం తక్కువ వచ్చింది. ఎందుకంటే ఒక్కో స్టాప్‌లాగ్‌లో కూడా కింది సగం మీద పీడనం ఎక్కువ. కాబట్టి దాని సొంత పీడన కేంద్రం దాని మధ్యకు కొంచెం కిందే ఉంటుంది. మనం దాన్ని వదిలేశాం. గేటును పది ముక్కలు చేసి ఇదే లెక్క వేస్తే 0.665 వస్తుంది. రెండే ముక్కలు చేస్తే 0.625.

అసలు ముక్కలే చేయకపోతే? మొత్తం బలాన్ని తీసుకెళ్లి గేటు మధ్యలో పెడతాం, 0.5H. పరీక్షల్లో ఎక్కువమంది చేసే తప్పు సరిగ్గా ఇదే. F = ρ g h̄ A లో సెంట్రాయిడ్ లోతు వాడాం కదా అని బలాన్ని కూడా సెంట్రాయిడ్ దగ్గరే పెట్టేస్తారు. సెంట్రాయిడ్ బలం *ఎంత* అనేదే చెబుతుంది. *ఎక్కడ* అనేది చెప్పదు.

కాబట్టి పై అంచు దాకా నీరున్న గేటుకైనా, నిండుగా ఉన్న ట్యాంకు గోడకైనా బలం నీటి మట్టం నుంచి మూడింట రెండొంతుల లోతులో, అంటే అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో పనిచేస్తుంది. తుంగభద్ర గేటుకు అది నీటి మట్టం నుంచి 4.07 మీటర్లు.

అయిదో అడుగు: పూర్తిగా మునిగిన తూము షట్టర్

చెరువు తూము షట్టర్ సంగతి వేరు. అది గట్టు అడుగున ఉంటుంది, దాని పై అంచు కూడా నీళ్లలోనే. ఇక్కడ "మూడింట రెండు" పనికిరాదు. అలవాటు కొద్దీ అదే వేసేవాళ్లు చాలామంది.

ఒక షట్టర్ అనుకుందాం. వెడల్పు b = 1.2 మీ, ఎత్తు d = 1.5 మీ. పై అంచు నీటి మట్టానికి 3 మీటర్ల లోతులో ఉంది. సెంట్రాయిడ్ లోతు h̄ = 3 + 0.75 = 3.75 మీ. వైశాల్యం 1.8 m².

F = 9.81 × 3.75 × 1.8 = 66.2 kN

ఇక చోటు. ప్రతి చిన్న ముక్క మీద బలం ρ g h dA. నీటి మట్టం చుట్టూ దాని మొమెంట్ ρ g h² dA. ఈ మొమెంట్లన్నీ కూడితే వైశాల్యానికి నీటి మట్టం గీత చుట్టూ ఉన్న జడత్వ భ్రామకానికి ρ g రెట్లు వస్తుంది. సమాంతర అక్షాల సిద్ధాంతం ప్రకారం ఆ జడత్వ భ్రామకం I_G + A h̄². ఇందులో I_G సెంట్రాయిడ్ గుండా పోయే అడ్డగీత చుట్టూ ఉన్న జడత్వ భ్రామకం. మొమెంట్ల మొత్తాన్ని మొత్తం బలంతో భాగిస్తే పీడన కేంద్రపు లోతు h* వస్తుంది:

h* = h̄ + I_G / (A h̄)

సూత్రంలో రెండో ముక్క ఎప్పుడూ ధనాత్మకం. అందుకే ఒక పక్కే నీరున్న నిలువు గేటు మీద పీడన కేంద్రం సెంట్రాయిడ్‌కు ఎప్పుడూ కిందే ఉంటుంది. మీ జవాబు పైకి వచ్చిందంటే ఎక్కడో తప్పు పడిందన్నమాట. దీర్ఘచతురస్రానికి I_G = b d³/12. దాన్ని వేసి సులువు చేస్తే ఆ రెండో ముక్క d²/(12 h̄) అవుతుంది, వెడల్పు ఎగిరిపోతుంది. మన షట్టర్‌కు:

1.5² / (12 × 3.75) = 0.05 మీ

అంటే సెంట్రాయిడ్‌కు అయిదు సెంటీమీటర్లే కింద. h* = 3.80 మీ.

నమ్మకం కుదరకపోతే ఇంకో దారిలో సరిచూడండి. ఇక్కడ పీడనపు బొమ్మ త్రిభుజం కాదు, ట్రెపీజియం. దాన్ని దీర్ఘచతురస్రంగా, త్రిభుజంగా విడదీయండి. దీర్ఘచతురస్రపు వాటా 9.81 × 3 × 1.8 = 52.97 kN, షట్టర్ పై అంచు నుంచి 0.75 మీ. దగ్గర. త్రిభుజపు వాటా 13.24 kN, పై అంచు నుంచి 1.0 మీ. దగ్గర. మొమెంట్లు కూడి మొత్తం బలంతో భాగిస్తే 0.80 మీ. నీటి మట్టం నుంచి 3.80. సరిపోయింది. నా మటుకు నాకు ఈ రెండో దారే ఇష్టం. సూత్రం మరిచిపోయినా బొమ్మ మరిచిపోం.

ఆరో అడుగు: ఈ రెండు అంకెలు దేనికి

ఈ షట్టర్ పై అంచున కీలు ఉందనుకోండి. అడుగున ఎంత బలంతో ఆపితే తెరుచుకోకుండా ఉంటుంది? కీలు చుట్టూ మొమెంట్లు తీస్తే 66.2 × 0.80 / 1.5 = 35.3 kN. బలాన్ని సెంట్రాయిడ్ దగ్గర పెట్టినవాళ్లకు 33.1 వస్తుంది. ఆరు శాతం తక్కువ, అదీ ప్రమాదం వైపు తక్కువ. కీలు సరిగ్గా షట్టర్ మధ్యలో ఉంటే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తప్పు లెక్క ప్రకారం తిప్పే మొమెంట్ సున్నా. నిజానికి 66.2 × 0.05 = 3.31 kN·m.

ఇక్కడో తమాషా ఉంది. అదే షట్టర్‌ను ఇంకా లోతుకు దించితే బలం పెరుగుతుంది, కానీ పీడన కేంద్రం సెంట్రాయిడ్‌కు దగ్గరవుతుంది. బలం ఎన్ని రెట్లు పెరిగితే ఆ రెంటి మధ్య దూరం అన్ని రెట్లు తగ్గుతుంది. అందుకే మధ్య కీలు చుట్టూ మొమెంట్ ρ g I_G గానే ఉండిపోతుంది. లోతు పది మీటర్లయినా అదే 3.31 kN·m. వైవాలో అడిగితే చాలామంది తడబడే ప్రశ్న ఇది.

పైకి ఎత్తే షట్టర్‌కు కీలు ఉండదు, గాడిలో జారుతుంది. నీరు దాన్ని గాడికి అదుముతుంది కాబట్టి ఘర్షణ పుడుతుంది. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే 66.2 × 0.3 ≈ 20 kN. షట్టర్ సొంత బరువు కాక, ఒక్క ఘర్షణే రెండు టన్నులు. చెరువు నిండుగా ఉన్నప్పుడు తూము ఎత్తడానికి చేతులు చాలక మరరాడ్డు, దాని మీద తిప్పే చక్రం పెట్టింది ఇందుకే. తుప్పు పట్టినా, గాడిలో ఒండ్రు చేరినా ఈ లెక్క ఇంకా పెరుగుతుంది.

రెండు పక్కలా నీరుంటే

ఇక్కడ పడే తప్పు ఆరు శాతంతో పోదు. గేటుకు ఎగువన 3 మీటర్లు, దిగువన 1.5 మీటర్ల నీరుందనుకుందాం. మీటరు వెడల్పుకు లెక్క వేద్దాం. "తేడా 1.5 మీటర్లే కదా" అని ½ × 9.81 × 1.5² వేస్తే 11 kN వస్తుంది. అది తప్పు. లోతు వర్గంగా వస్తుంది కాబట్టి లోతులను ముందే తీసివేయకూడదు. బలాలను విడివిడిగా కట్టి, అప్పుడు తీసివేయాలి. ఎగువ బలం ½ × 9.81 × 3² = 44.1, దిగువది 11.0, మిగిలేది 33.1 kN. తప్పు జవాబుకు మూడు రెట్లు.

చోటు కూడా అంతే. ఎగువ బలం అడుగు నుంచి 1 మీ. ఎత్తులో, దిగువది 0.5 మీ. ఎత్తులో పనిచేస్తాయి. మొమెంట్లు 44.1 × 1 − 11.0 × 0.5 = 38.6. దాన్ని 33.1తో భాగిస్తే అడుగు నుంచి 1.17 మీటర్లు. ఎగువ నీరు ఒక్కటే ఉన్నప్పటికంటే చోటు పైకి జరిగింది. గేటు రెండు పక్కలా పూర్తిగా మునిగిపోతే నికర పీడనం పై నుంచి కింది దాకా ఒకటే అవుతుంది. అప్పుడు మాత్రం బలం నిజంగానే సెంట్రాయిడ్ దగ్గర పనిచేస్తుంది.

ఏటవాలు గేటు

గేటు నీటి మట్టంతో θ కోణంలో వాలి ఉంటే బలం సూత్రం మారదు. h̄ మాత్రం నిలువు లోతే, A మాత్రం పూర్తి వైశాల్యమే. రెండింటిలో దేన్నీ sin θ తో మళ్లీ గుణించకండి. చోటుకు మాత్రం:

h* = h̄ + I_G sin²θ / (A h̄)

ఇందులో వచ్చే h* కూడా నిలువు లోతే. నీటి మట్టం నుంచి గేటు వెంట దూరం కావాలంటే దాన్ని sin θ తో భాగించాలి. కీలు చుట్టూ మొమెంట్ తీసేటప్పుడు ఆ దూరానికీ, గేటు వెంటే కొలిచిన కీలు దూరానికీ ఉన్న తేడా వాడాలి.

లెక్క ఎక్కడ ఆగిపోతుంది

పైన వేసినవన్నీ నిలకడగా ఉన్న నీటికి. షట్టర్‌ను జానెడు ఎత్తగానే కింద నీరు వేగం అందుకుంటుంది. గేటు కింది అంచు దగ్గర పీడనం త్రిభుజం చెప్పినంత ఉండదు, బయటి గాలి పీడనానికి పడిపోతుంది. అంచుకు దూరంగా, పైభాగంలో మాత్రం నిలకడ నీటి లెక్కకు దగ్గరగానే ఉంటుంది. అందువల్ల కొంచెం తెరిచిన గేటు మీద అడ్డంగా పనిచేసే బలం మూసిన గేటు మీదకంటే కొంత తక్కువగా ఉంటుంది, దాని చోటు కూడా పైకి జరుగుతుంది. దానికి తోడు అంచు కింద పారే నీరు గేటును కిందికి లాగవచ్చు, అదరగొట్టవచ్చు. ఇవేవీ ρ g h̄ A లో లేవు.

తుంగభద్రలో అడుగున కూర్చునే మొదటి స్టాప్‌లాగ్ దిగుతున్నప్పుడు దాని పరిస్థితీ ఇదే. దాని చుట్టూ నీరు పారుతూనే ఉంది. మన పట్టికలో దానికి రాసిన 1,202 kN, అయిదూ కూర్చుని నీరు పై అంచు దాకా నిలిచినప్పటి అంకె. దింపుతున్న ఆ కాసేపటికి పట్టిక చెల్లదు. క్రేన్ మీద వేలాడుతున్న దిమ్మను పారే నీరు ఎంతగా తోస్తుందో లెక్క కట్టాలంటే ద్రవ్యవేగ సమీకరణం కావాలి.